నాలుగోసారి వాచిన చిగురు

దేవిదాస్ నోరు ఒక్క వేలు మందం కంటే ఎక్కువ తెరుచుకోవడం లేదని, కుడి దవడ కింద వాపు మెడవైపు దిగుతోందని డాక్టర్ హరిప్రియ కనిపెట్టేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. జ్వరం నూట ఒకటిన్నర.

"మింగితే నొస్తుందా?"

తలూపాడు.

"నీళ్లు దిగుతున్నయా? ఊపిరి మంచిగనే ఆడుతుందా?"

"మెల్లగ తాగితే దిగుతున్నయి. ఊపిరి మంచిగనే ఉంది."

నాలుక ఎత్తించి కింద వేలితో నొక్కి చూసింది. మెత్తగానే ఉంది. గొంతు ఇంకా మూసుకుపోలేదు. ఆ 'ఇంకా' అన్న మాటే ఆమెకు నచ్చలేదు.

దేవిదాస్‌కు ఇరవై నాలుగేళ్లు. బిలోలి దగ్గరి పల్లెవాడు. ఉమ్రి దారిలో ఒక రైల్వే గేటు వేసి తీసే ఉద్యోగం. నాందేడ్‌లోని ఈ దంతవైద్యశాలకు ఐదు నెలల్లో ఇలా వాపుతో రావడం నాలుగోసారి.

"ఏంది భావూ, మల్లచ్చినవా? ఈ కుర్చీ మీద నీ పేరు రాయిస్త ఇగ," అంది సహాయకురాలు మంగళ, మరాఠీలో తమ్ముణ్ని పిలిచినట్టు పిలిచి, ట్రే సర్దుతూ.

అంత నొప్పిలోనూ అతను నవ్వాడు, నోరు సాగినంత మేర.

చిన్న అద్దం అతి కష్టం మీద లోపలికి వెళ్లింది. కింది వరుస చివర జ్ఞానదంతం సగమే బయటికి వచ్చింది. మిగతా సగం మీద చిగురు మూతలా కప్పుకుని ఉంది. ఎర్రగా ఉబ్బింది. నొక్కితే చీము. మంగళ మాస్కు పైకి లాక్కుంది. హరిప్రియ మొద్దు సూది ఉన్న సిరంజిలో గోరువెచ్చని ఉప్పునీళ్లు నింపి చిగురు మూత కిందికి కొట్టింది. చీముతో పాటు జొన్న రొట్టె నలుసులు కూడా బయటపడ్డాయి.

ఎందుకిలా మళ్లీ మళ్లీ?

మొదటి అనుమానం పై పన్ను మీద. అది చిగురును కొరుకుతోందని పోయినసారే అరగదీసింది. ఇప్పుడు చిగురు మీద దాని గుర్తు లేదు. రెండో అనుమానం ఈ దంతం మీదే. ఎక్స్‌రే మళ్లీ వెలుతురుకు పెట్టింది. దంతం పక్కకు ఒరిగి తన ముందున్న దవడ పన్నును తలతో నెడుతోంది. అది నిటారుగా ఉండి, పైకి రావడానికి చోటుంటే చిగురు మూత ఒక్కటి కోసేస్తే సరిపోయేది. ఇది ఎప్పటికీ పైకి రాదు. కోసినా మూత మళ్లీ పెరుగుతుంది. పన్ను తీయడమే దారి. వాపు తగ్గగానే రమ్మని మూడుసార్లు చెప్పింది. తగ్గినప్పుడు అతను రాలేదు. వాచినప్పుడే వచ్చాడు.

అయినా పోయిన వారం మందులు వాడి ఉంటే వాపు మెడ దాకా రాకూడదు.

పెద్దాసుపత్రిలో దవడల సర్జన్‌కు ఉత్తరం రాయడం మొదలుపెట్టింది. ఒక్క వాక్యం దగ్గర కలం ఆగింది. మందు పనిచేయలేదా, కడుపులోకే వెళ్లలేదా? పనిచేయలేదని రాస్తే అక్కడ వేరే మందు మొదలుపెడతారు. అది తప్పయితే ఒకటి రెండు రోజులు వృథా. వాపు అన్నాళ్లు ఆగదు.

"గోళీలు ఐదు రోజులు మింగినవా?"

"మింగిన మేడం."

"పోయిన నెల ఇచ్చిన పుక్కిలించే మందు?"

"పొద్దున, రాత్రి. నెల దినాల సంది ఆపలే."

"చాయ్ తాగుతవా?"

"గేటు కాడ ఇంకేముంటది మేడం. ఆరేడు సార్లు."

ఆమె అతని పెదవి పైకెత్తి ముందు పళ్లు చూసింది. చిగురు అంచున, పళ్ల సందుల్లో, ఎక్కడా గోధుమ రంగు లేదు. ఆ మందు నెల రోజులు పుక్కిలించి, పైన అన్ని చాయ్‌లు తాగిన నోటిలో మరకలు పడకుండా ఉండవు. ఆ మరకలు తీయించుకోవడానికే వారానికి ఇద్దరైనా వస్తారు.

"మంగళా, బయట ఆటో ఆపించు," అంది. తలుపు మూసుకున్నాక కలం బల్ల మీద పెట్టింది.

"దేవిదాస్, ఈడ ఏం రాయాలె? నేను రాసిందే అక్కడి డాక్టర్ నమ్ముతడు. అబద్ధం రాస్తే వాపు నీ గొంతుల దిగుతది."

అతను కుర్చీ మీది దీపం వైపు చూస్తూ, బిగుసుకున్న పళ్ల మధ్య నుంచి మెల్లగా చెప్పాడు.

"వాడలే మేడం. గోళీల పట్టీ విప్పలే, బాటిల్ మూత తియ్యలే. ఉప్పునీళ్లు గూడ పుక్కిలియ్యలే. మొదటిసారి వాడిన. నాలుగొద్దులల్ల తగ్గింది. తగ్గినంక గేటు కాడ పన్నెండు గంటలు కూసున్న. రైలచ్చే ముందల గేటెయ్యమని స్టేషన్ మాస్టర్ ఫోన్ చేస్తడు. గుర్తుకు ఆయనొక నంబర్ చెప్తడు, నేనొక నంబర్ చెప్త, పెట్టేస్తడు. అంతకన్న ఎక్కువ నాతోని ఎవలూ మాట్లాడరు. ఈడికస్తే మంగళక్క నవ్విస్తది. ఏం తిన్నవ్, నిద్ర పట్టిందా అని మీరడుగుతరు. రైల్వే దవాఖానల పైసలు గూడ తీస్కోరు, నాకెర్కనే. ఆడికి పోలే. పన్ను తీస్తే మంచిగైతది. మంచిగైతే ఇగ ఏమని రావాలె? అందుకే రొట్టె ఆ పక్కనే నమిలిన మేడం. వాచాలె అనే నమిలిన."