అడగని స్పీడు

వీడియో ఎడిటర్ గారు కంప్యూటర్‌ను మోసుకొచ్చి వదినామరుదుల షాపు కౌంటర్ మీద పెట్టేసరికి మరిది నోట్లో మాట సిద్ధంగా ఉంది.

"వేడి మేడమ్, అంతా వేడే. మా వదిన ఫిట్ చేసింది కదా, ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు సరిగ్గా పూసి ఉండదు."

లోపలి గదిలో మరో మెషిన్‌కు స్క్రూలు బిగిస్తున్న వదినకు ఈ మాట స్పష్టంగా వినిపించింది. అరికాలి మంట నెత్తికెక్కింది. చూడకుండానే రోగం చెప్పేశాడు! అదీ తన మీదకి తోసి! ప్రతి మెషిన్ టెంపరేచర్ చూడందే బయటికి పంపదని బజారంతా ఆమెను 'జ్వరం డాక్టర్' అని ఏడిపిస్తుంటే, ఆ పేరు పెట్టిన మనిషే ఇవాళ ఇలా మాట్లాడతాడా?

స్క్రూడ్రైవర్ పట్టుకునే బయటికొచ్చింది. "ఏమైంది మేడమ్?"

"ఉన్నట్టుండి ఆగిపోతోందమ్మా. మళ్ళీ ఆన్ చేస్తే కొన్ని వీడియోలు తెరుచుకోవడం లేదు."

"ముందు వేడి సంగతే తేల్చేద్దాం. మీరూ ఇక్కడే కూర్చోండి. నువ్వూ కూర్చో," అంది మరిదితో.

ప్రాసెసర్ మొత్తానికీ ఊపిరాడనంత పనిచెప్పే స్ట్రెస్ టెస్ట్ పెట్టింది. ఫ్యాన్లు హోరెత్తాయి. తెర మీద వేడి అంకె ఎనభై డిగ్రీలు దాటి, తొంభై దాటి, తొంభై ఐదు దగ్గర నిలబడింది. మరిది ముఖం వెలిగిపోయింది.

"చూశారా! తొంభై ఐదు! మాడిపోతోంది!"

"నీ బొంద," అంది వదిన. "ఈ ప్రాసెసర్ చేసినవాళ్ళు పెట్టిన హద్దే తొంభై ఐదు. ఇలాంటి పరీక్షలో అక్కడిదాకా వెళ్ళి, అక్కడే తనను తాను సర్దుకునేలా చేశారు. వేడికి చేతులెత్తేసిందంటే స్పీడు పడిపోవాలి. పక్కన స్పీడు అంకె చూడు, వాళ్ళు మాటిచ్చిన దానికంటే పైనే ఉంది. అన్నిటికీ ఒకటే హద్దు అనుకుంటే ఎలా? చిప్‌ని బట్టి మారుతుంది."

చాలాసేపు నడిపినా మెషిన్ ఆగలేదు, అంకె హద్దు దాటలేదు. పేస్టు మీద పడ్డ నింద తొలగింది. మరి ఆగిపోవడం దేనివల్ల? మెమరీ టెస్ట్ ఉన్న పెన్‌డ్రైవ్ గుచ్చి మెషిన్ మళ్ళీ ఆన్ చేసింది. సెట్టింగుల మొదటి తెర దగ్గరే ఆమె చెయ్యి ఆగిపోయింది. మెమరీ స్పీడు ఆరు వేలు.

తను ఇచ్చింది ముప్ఫై ఆరు వందల మీద. నాలుగు మెమరీ స్టిక్కులూ (ర్యామ్) పెట్టాక బోర్డు తనంతట తాను ఎంచుకున్న స్పీడు అది. ఎడిటర్ గారు మొదటి రోజే చెప్పారు: స్పీడు లేకపోయినా ఫర్వాలేదు, ఆగకూడదు అని. అందుకే ఆ స్పీడు మీదే రాత్రంతా పరీక్షించి, ఒక్క తప్పూ లేదని తేలాకే సంతకం చేసిన స్టిక్కర్ అంటించింది.

ఆ ఆరు వేల మీదే టెస్ట్ మొదలుపెట్టింది. కాసేపటికి తెర మీద తప్పు చూపే ఎర్ర గీత వచ్చింది. దాని వెనకే మరోటి. ఆ తర్వాత వరసగా. మెమరీ పరీక్షలో ఒక్క తప్పొచ్చినా ఫెయిలే.

"ఎవరు మార్చారు?"

మరిది గొంతు తగ్గించాడు. "డెలివరీ రోజున మేడమ్ మెచ్చుకుంటారని... మెమరీ పెట్టె మీద ఆరు వేలని రాసుందిగా వదినా! ఒక్క క్లిక్కే కదా."

"పెట్టెలో ఉన్నది రెండు స్టిక్కులు. ఆ అంకె ఆ రెండింటికి. మనం పెట్టింది రెండు పెట్టెలు, నాలుగు స్టిక్కులు! నాలుగూ కలిస్తే అంత స్పీడు తట్టుకోవు. నేను పాస్ చేసిన మెషిన్ ఒకటి, నువ్వు అమ్మిన మెషిన్ ఇంకొకటి. దాని మీద నా సంతకం ఎందుకుంది?"

"మెల్లగా వదినా, పరువు పోతుంది. పాత స్పీడు పెట్టి ఇచ్చేద్దాం, బాగానే నడుస్తుంది. చెప్పడం దేనికి?"

నడుస్తుంది, నిజమే. కానీ ఇన్నాళ్ళూ తప్పులు రాసే మెమరీ మీదుగా వెళ్ళిన ఫైళ్ళ మాటేమిటి? ఇదీ ఒక మనిషి అనాల్సిన మాటేనా? వదిన ఎడిటర్ గారి వైపు తిరిగి ఉన్నదున్నట్టు చెప్పేసింది. "తెరుచుకోనివి ఈ మెషిన్‌లోకి కాపీ అయ్యేటప్పుడే పాడై ఉండొచ్చు మేడమ్. కెమెరా కార్డుల నుంచి మళ్ళీ తీసుకోండి."

"కార్డులు చెరిపేశానమ్మా. కొత్త మెషిన్‌లోకి వచ్చేశాయి కదా అనుకుని." ఆవిడ కంప్యూటర్ మీద చెయ్యి వేసింది. "నాకు పాట నేర్పిన మాస్టారి వీడియోలవి. మొన్న ఆయనకు గొంతు ఆపరేషన్ అయింది. ఇక మాట రాదన్నారు."

మరిది తల దించుకున్నాడు.

"బాబూ," అంది ఆవిడ అతనితో, "ఆ క్లిక్కుతో నా పని ఎంత తొందరగా అయి ఉండేది?"

"మీకు... పెద్దగా తేడా తెలిసేది కాదు మేడమ్."

వదిన గోటితో తన సంతకమున్న స్టిక్కర్ ఊడబెరికి అతని చేతిలో పెట్టింది. తర్వాత స్పీడు తగ్గించి, టెస్ట్ మళ్ళీ మొదటినుంచి పెట్టింది.