మనోజ గారి జాకెట్టు ఫోటో

ఫిలింనగర్‌లో ఎవరి నోటా మాట ఆగదు. కొన్నేళ్ల కిందట నా భార్య జగదాంబకు క్యాన్సరని నేను ప్రొడక్షన్ మేనేజర్ వరప్రసాద్ ఒక్కడికే చెప్పాను. మధ్యాహ్నం భోజనాల వేళకు లైట్‌మెన్ దాకా తెలిసింది. నాకు క్యారియర్ ఇవ్వడానికి సెట్‌కు వచ్చిన మనిషిని అందరూ జాలిగా చూశారు. ఆమె మళ్లీ సెట్‌కు రాలేదు. వరప్రసాద్‌ను నేను క్షమించలేదు.

నేను కాస్ట్యూమర్‌ని. జూబ్లీహిల్స్‌లో ఒక సినిమా కంపెనీ ఆఫీసు వెనక గదిలో నా పని. కిందటి నెల అక్కడే నటి మనోజ గారికి ట్రయల్ వేస్తుంటే జాకెట్టు హుక్కులు పడలేదు. ఆవిడ తలుపు గడియ పెట్టింది.

"బాబాయ్, నాలుగో నెల. మా ఆయనకూ మీకూ తప్ప ఎవరికీ తెలీదు. రెండు పాటలున్నాయి, అయ్యేదాకా దాచండి. తెలిస్తే నన్ను తీసేస్తారు. ఇన్నేళ్లకి వచ్చిన వేషం."

"నా నోట రాదమ్మా" అన్నాను.

కుట్లు విప్పాల్సింది కృష్ణానగర్ టైలర్ బుజ్జి. ఎంత వదలాలో తెలియాలంటే వాడికి సంగతి చెప్పక తప్పదు. మర్నాడు పొద్దున జాకెట్టు వీపు ఫోటో వాట్సాప్‌లో పంపుతూ కింద రాశాను: 'మనోజ గారికి నాలుగో నెల. కుట్టు వదులు చెయ్యి. ఎవరికీ చెప్పకు.' ఎవరికి పంపాలని అడిగే చోట అన్నిటికన్నా పైన నా స్టేటస్ ఉంటుంది. వేలు దాని మీద పడింది. నేను చూసుకోలేదు.

టీ తాగుతుంటే బుజ్జి ఫోన్ చేశాడు.

"ఏందన్నా, ఫోటో నాకు పంపుతా అని స్టేటస్‌ల పెట్టినవ్? ఊరంతటికీ జాకెట్లు కుడుతున్నవా?"

వెంటనే తీసేస్తానన్నాను.

"జర ఆగు. ముందుగాల ఎవరెవరు చూసిండ్రో చూస్కో. కింద కన్ను గుర్తుంటది, దాన్ని నొక్కు. తీసేసినంక ఆ పేర్లు కనబడయ్."

నొక్కాను. బుజ్జి పేరుంది. షేక్‌పేటలో ఉండే మా మేనల్లుడు నాగసాయి పేరుంది. వాటి మీద వరప్రసాద్ పేరుంది. మనోజ గారి పేరు లేదు. దేవుడికి దండం పెట్టి తీసేశాను.

నాగసాయికి ఫోన్ చేస్తే "జాకెట్టు బాగుంది మావయ్యా, ఎవరికి?" అని నవ్వాడు. వాడు చదవలేదు. అక్కడితో నాకు అర్థం కావలసింది. కాలేదు. వరప్రసాద్‌కు చేశాను. ఏళ్ల తర్వాత వాడితో పనికి సంబంధం లేని మాట మాట్లాడటం అదే.

"వరప్రసాద్ గారూ, మనోజ గారి సంగతి మీ కడుపులోనే ఉంచండి. చేతులు జోడిస్తున్నాను."

"ఏ సంగతండీ?"

"అదే, నా స్టేటస్‌లో చూశారుగా."

"మీదా? నేను అందరివీ అలా తోసేసుకుంటూ పోతానండీ. ఏదో జాకెట్టు కనపడింది. ఏంటి సంగతి?"

నేను ఫోన్ రెండో చెవికి మార్చాను.

"జాకెట్టు... మనోజ గారు... కడుపులో..." అని ఆగాడు. "ఓహో. ఎన్నో నెలండీ?"

ఫోన్ పెట్టేశాను.

రెండు రోజులకు ప్రొడ్యూసర్ మనోజ గారి ఇంటికి పూలబుట్ట పంపించాడు. ఆరోగ్యం ముఖ్యం, విశ్రాంతి తీసుకోమ్మా అన్నాడట. పాటలు ఇంకో అమ్మాయికి ఇచ్చారు. కొలతలు తీసుకోమని నా దగ్గరికే పంపారు. తీసుకున్నాను.

ఆ సాయంత్రం మనోజ గారు వచ్చింది. ముక్కాలిపీట మీద కూర్చుంది.

"ఎవరు చెప్పి ఉంటారు బాబాయ్?"

"ఇంకెవరమ్మా, ఆ వరప్రసాద్. వాడి నోరు మంచిది కాదు. నా భార్య విషయంలోనూ అంతే చేశాడు." చనిపోయినదాన్ని కూడా అడ్డం పెట్టుకున్నాను.

"ఆయనకెలా తెలిసింది?"

"ఎలాగో పసిగట్టి ఉంటాడు."

ఆవిడ నన్నే చూసింది. కోపం లేదు. ఉంటే బాగుండేది.

"మీ స్టేటస్ నేనూ చూశాను బాబాయ్. నా ఫోన్‌లో నీలం టిక్కులు తీసేసి పెట్టాను. అలా పెడితే నేను చూసినట్టు మీ జాబితాలో రాదు. మళ్లీ చూసేసరికి తీసేసి ఉంది. పొరపాటని తెలుసు. మీరే ఫోన్ చేస్తారని కూర్చున్నాను. ఇప్పుడు కూడా చెబుతారనే వచ్చాను."

నేను టేపు చుడుతూ నిలబడ్డాను. చుట్టడం అయిపోయాక మళ్లీ విప్పి చుట్టాను. ఆవిడ లేచి, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లింది.

బుజ్జి అడిగాడు, చెప్పలేదు. నాగసాయి అడిగాడు, కసిరాను. ఉన్నదంతా ఇక్కడ రాశాను. దీని గురించి నా నోట ఇంకో మాట రాదు. ఎవరూ అడగవద్దు.