జతపరిచిన పత్రాలు

నెద్యల్కా అరవై నాలుగు కాగితాల మీద ఒకే మాట రాసింది. "అసలుతో సరిపోయింది." కింద సంతకం, తేదీ. నకలు ఇచ్చేవాళ్ళే ప్రతి పేజీ మీదా ఆ మాట రాసి సంతకం పెట్టాలి. ఉదయం తొమ్మిదింటికి మొదలుపెట్టింది. పదకొండయ్యేసరికి చూపుడువేలి పక్కన సిరా మరక పడింది. నొప్పి మాత్రం తెలియలేదు.

ఎదురుగా జ్లాతినా కంప్యూటర్ ముందు కూర్చుని బీమా కంపెనీకి పంపే ఉత్తరం తయారుచేస్తోంది. సెవ్లియెవో పట్టణంలో చిన్న దుకాణాల లెక్కలు చూసే మనిషి ఆమె. నెద్యల్కా కంటే పదేళ్ళు చిన్న. నెద్యల్కా దుకాణానికి వచ్చే రసీదులన్నీ నెలనెలా ఆమె బీరువాలోకి చేరేవి. అందుకే అవి మిగిలాయి. తక్కినవి ఏప్రిల్ తొమ్మిదిన మంటల్లో పోయాయి. ఊలు, బొత్తాలు, కర్టెన్ల గుడ్డ అమ్మే ఆ దుకాణంలో నిప్పుకు అడ్డు పడే వస్తువు ఏముంటుంది?

"చదువుతాను, విను అక్కా. ఒకటి, పాలసీ, ప్రీమియం కట్టిన రసీదు. రెండు, అగ్నిమాపక శాఖ ధ్రువపత్రం. కారణం, మీటరు దగ్గర తీగలు కలవడం. అది మనకు మంచిదే. మూడు, కాంచో బావ మరణ ధ్రువపత్రం. పాలసీ ఆయన పేరున ఉంది కాబట్టి. నాలుగు, వారసుల ధ్రువపత్రం. ఐదు, అద్దె ఒప్పందం. ఆరు, కాలిపోయిన సరుకు జాబితా. ఏడు, రసీదులు పంతొమ్మిది. ఎనిమిది, ఫోటోలు పద్నాలుగు."

"అన్నీ ఉన్నాయి," అంది నెద్యల్కా.

జ్లాతినా ఫోటోలు తిరగేసి ఒకదాని దగ్గర ఆగింది. దుకాణం తలుపు. తలుపు మీద అతికించిన, కాంచో ఫోటో ఉన్న సంతాప పత్రం సగం కాలి, అతని నుదురు, ఒక కన్ను మిగిలాయి.

"ఇది తీసేద్దామా?"

"తలుపు దానిలోనే కనబడుతోంది. ఉండనీ."

జ్లాతినా రసీదుల కట్ట తీసి తేదీలు సరిచూడసాగింది. చివరికి వచ్చేసరికి వేలు ఆగిపోయింది. ఆ కాగితం పక్కన పెట్టి ఇంకోటి చూసింది. తర్వాత మరణ ధ్రువపత్రం దగ్గరకు లాక్కుంది.

"అక్కా, బావ పోయింది ఫిబ్రవరి పదకొండున కదా?"

"అవును."

"మరి ఫిబ్రవరి ఇరవై ఏడున సరుకు దించుకుని సంతకం ఎవరు పెట్టారు? మార్చి పద్నాలుగున ఎవరు?"

నెద్యల్కా వంగి చూసింది. రెండు రసీదుల మీదా "అందుకున్నవారు" అన్న చోట కాంచో సంతకం ఉంది. కుడివైపుకు కొంచెం జారే అదే గీత.

"నేను," అంది.

"నువ్వు ఆయన సంతకం పెట్టావా?"

"పదకొండేళ్ళుగా నేనే పెడుతున్నాను. లారీ వచ్చినప్పుడు ఆయన నిచ్చెన మీద ఉండేవాడు. కళ్ళజోడు ఎక్కడో పడేసేవాడు. 'నువ్వే గీకేయవే, నీకంటే నా సంతకం ఎవరికి బాగా వచ్చు' అనేవాడు."

జ్లాతినా లేచి కిటికీ మూసింది. వీధిలో ఎవరూ లేరు.

"కంపెనీ వాళ్ళు మూడో కాగితం, ఏడో కాగితం పక్కపక్కన పెడితే చాలు. చచ్చిపోయిన మనిషి సరుకు దించుకున్నాడని తేలుతుంది. దొంగ రసీదులంటారు. ఈ రెండూ దొంగవంటే, మిగతా పదిహేడూ నమ్మరు."

"ఆ రెండింట్లోనే గుడ్డ అంతా ఉంది. ముప్పై ఒక్క తాన్లు."

"తెలుసు. తీసేస్తే గుడ్డ పోతుంది. పెడితే మొత్తం పోవచ్చు. కొత్త రసీదు రాసిమ్మని, సరుకు పంపిన స్లివెన్ వాళ్ళని అడగనా? బతిమాలితే రాస్తారు."

"వాళ్ళ దగ్గరున్న నకళ్ళ మీదా ఇదే సంతకం ఉంటుంది. పైగా అది అబద్ధం."

"అయ్యో తల్లీ, అబద్ధం గురించి ఇప్పుడా! పదకొండేళ్ళు మొగుడి పేరు గీకి!"

ఆ మాట నోటినుంచి జారాక జ్లాతినా నాలుక కరుచుకుంది. నెద్యల్కాకు కోపం రాలేదు. నవ్వు వచ్చిందో లేదో కూడా ఆమెకు తెలియలేదు.

"ఉత్తరంలో ఒక వాక్యం పెట్టు," అంది. "ఏడో అంశంలోని రసీదుల మీద ఉన్న సంతకం నా భర్తది కాదు, నేను పెట్టాను అని."

"రెండింటి మీదా అనా?"

"పంతొమ్మిదింటి మీదా."

"పదిహేడింటి గురించి నిన్నెవరు అడిగారు?"

"రెండని చెబితే, మిగతావి తీసి చూస్తారు. అన్నీ ఒక్క చేతివే. అప్పుడు మళ్ళీ అడుగుతారు. రెండుసార్లు చెప్పలేను జ్లాతినా."

జ్లాతినా టైపు చేసింది. అచ్చయిన ఉత్తరం రెండు ప్రతుల మీద నెద్యల్కా తన సంతకం పెట్టింది.

బీమా కంపెనీ కార్యాలయం గాబ్రొవోలో ఉంది. మరునాడు నెద్యల్కా బస్సులో వెళ్ళింది. కౌంటర్‌లో యావర్ అనే ముప్పై ఏళ్ళ గుమాస్తా ఉత్తరం అందుకుని ఒక్కో కాగితానికి పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ వచ్చాడు. ఏడో అంశం దగ్గర ఆగి, కింద వాక్యం చదివి, మళ్ళీ చదివాడు.

"అమ్మా, ఇది మీరే రాయించారా?"

"నేనే చెప్పాను."

"ఆయన పోయాక కూడా ఆయన సంతకమే ఎందుకు పెట్టారు?"

"లారీ వచ్చింది. లారీవాడు కలం ఇచ్చాడు. పెట్టాను."

"గుర్తు రాలేదా?"

"ఏది?"

"ఆయన లేరని."

"అది గుర్తుంది," అంది నెద్యల్కా. "సంతకం మార్చుకోవాలని గుర్తు రాలేదు."

యావర్ ఆమె ముఖం వైపు చూడలేక కాగితాల వైపు చూశాడు. అవి తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళాడు. గోడమీద గడియారం కింద ఒక మొక్కకు ఎవరో అప్పుడే నీళ్ళు పోశారు. నేలమీద తడి ఉంది. ఆమె ఆ తడినే చూస్తూ కూర్చుంది.

ఇరవై నిమిషాలకు అతను తెల్ల కాగితంతో వచ్చాడు.

"మా అధికారి ఒక మాట చెప్పారమ్మా. సరుకు నిజంగా వచ్చిందో లేదో స్లివెన్ కంపెనీని మేం అడుగుతాం, లారీ కాగితాలు చూస్తాం. అవి సరిపోతే గుడ్డ లెక్కలోకి వస్తుంది. సంతకం మీదేనని తేలడానికి నమూనా కావాలి. ఈ కాగితం మీద ఆ సంతకం, నా ముందే. ఐదు చాలు."

"ఆయన సంతకమా?"

"మీరు పెట్టే ఆయన సంతకం."

నెద్యల్కా కలం అందుకుంది. మొదటిది ఎప్పటిలాగే వచ్చింది, ఆలోచించకుండా. రెండోది కూడా. మూడోదానికి చేయి నెమ్మదించింది. ఇకముందు ఏ లారీవాడూ ఈ సంతకం అడగడు. దీన్ని ఎక్కడా పెట్టకూడదు కూడా, పెడితే నేరం. ఈ ఆలోచన వచ్చినా లోపల ఏమీ కదల్లేదు. చేయి మాత్రం రాస్తూనే ఉంది.

"చాలమ్మా," అన్నాడు యావర్.

ఆమె ఇంకొకటి పెట్టి, అప్పుడు కలం కింద పెట్టింది.

అతను కాగితం తనవైపు తిప్పుకుని లెక్కపెట్టాడు. ఏడు వచ్చాయి. అదనపువి కొట్టేయమని అనలేదు. "కింద మీ సొంత సంతకం ఒకటి" అన్నాడు. ఆమె పెట్టింది. ఉత్తరం రెండు ప్రతులమీదా, ఫోటోల వరుస తర్వాత, తన చేత్తో చేర్చాడు: "తొమ్మిది, నమూనా సంతకాలు, ఏడు, ఒక పేజీ." ఒక ప్రతి మీద ముద్ర వేసి, నంబరు రాసి ఆమెకు ఇచ్చాడు.