బోర్డుకు లొంగని బీన్స్ మొక్కలు

ఫిబ్రవరి పదకొండు, మంగళవారం, మధ్యాహ్నం మొదటి పీరియడు. జీవశాస్త్ర ప్రయోగశాలలో హాజరైనవారు: బడి పెద్దమేడం, జీవశాస్త్రం మాస్టారు, తొమ్మిదో తరగతిలో అందరూ పేచీ అని పిలిచే అమ్మాయి, అదే తరగతిలో ఉన్న ఆమె మేనత్త కూతురు. వీరుగాక కిటికీ పక్క బల్ల మీద రెండు వరుసల కుండీల్లో బీన్స్ మొక్కలు. జరగబోయే తగవంతా వాటి గురించే కనుక హాజరులో వాటినీ వేసుకోవలసిందే.

పేచీకి ఆ పేరు పెట్టింది నాయనమ్మ. అన్నం పెడితే పాలకూ, పాలిస్తే అన్నానికీ రాగం తీసే పసిదానికి అంతకంటే తగిన పేరు ఆమెకు తోచలేదు. పిల్ల బడిలో చేరేసరికి ఆ పేరు ముందే వచ్చి బెంచీ మీద చోటు పట్టుకుంది.

మొక్కలను పెంచింది ఈ వదినామరదళ్లే. బడి తోటలో ఒకే మట్టి, ఒకే సంచిలోని గింజలు, తీగ సాగని పొట్టి రకం; ఒకే గ్లాసుతో కొలిచి పోసిన నీళ్లు. ఒక వరుసను ఆరుబయట ఎండలో ఉంచారు. రెండో వరుసపై పచ్చ నెట్‌ను రెండు మడతలుగా కప్పి నీడ కల్పించారు. ఏది ఎండ, ఏది నీడ అని పేచీ చీటీలు రాసి కుండీలకు గుచ్చింది. వెలుతురు తగ్గితే ఎదుగుదల ఏమవుతుందన్నది ప్రశ్న.

జవాబు మాత్రం గింజలు నాటకముందే తయారైంది. ప్రదర్శనకు వెళ్లే ప్రతి ప్రాజెక్టుకూ ముందుగానే బోర్డు రాయించడం ఆ బడి ఆనవాయితీ. పెయింటరు అందరివీ ఒక్కసారే రాసిపెడతాడు. మాస్టారు ఊహగా చెప్పిన వాక్యాన్ని అతడు ఫలితంగా మార్చి, ఎర్రరంగుతో, దూరం నుంచి కూడా కనబడేలా దించాడు: ‘ఎండ ఎక్కువైతే ఎత్తు ఎక్కువ.’

నెట్ కింది మొక్కలు ఆ బోర్డును చదివినట్టు లేదు. ఎండలోని వాటికంటే బెత్తెడు పైకి లేచి కూర్చున్నాయి.

“చీటీలు తారుమారు చేశారు,” అంది పెద్దమేడం. ఆమె ఒకప్పటి లెక్కల టీచరు. తప్పు ఎక్కడుందో చూడకుండానే పట్టేయడం ఆమెకు అలవాటు. “పొడుగువాటికి ఎండ అని, పొట్టివాటికి నీడ అని తగిలించండి. అయిపోయె.”

“తారుమారు కాలేదు మేడం. నీడలోవే పొడుగ్గా వచ్చాయి.”

“అలా ఎలా వస్తాయమ్మా? ఎండ లేకపోతే మొక్క పెరుగుతుందా?”

“పెరగలేదు మేడం. సాగింది.” పేచీ నెట్ కింది మొక్కనొకదాన్ని ముందుకు జరిపింది. “కాడ చూడండి, పుల్లలా ఉంది. కణుపుకీ కణుపుకీ మధ్య ఎంత ఎడముందో చూడండి. ఆకు పలచన. వెలుతురు కోసం మెడ సాచింది, అంతే.”

“ఇప్పుడు బోర్డు మళ్లీ రాయించడం కుదరదు. చీటీలు మార్చడం నిమిషం పని. ఏం మాస్టారూ?”

మాస్టారు కళ్లజోడు తీసి తుడవసాగాడు. నిర్ణయం తప్పించుకోవలసి వచ్చినప్పుడల్లా ఆయన కళ్లజోడుకు దుమ్ము పడుతుంది.

మేనత్త కూతురు పేచీ మోచేతిని గిల్లింది. “ఊరుకోవే! ప్రదర్శనకని మా అమ్మ కొత్త బూట్లు కూడా కొనింది.”

“బూట్లు నీకే కదా వదినా, మొక్కలకు కాదుగా.”

“నీ నోట్లో నోరు పెట్టినవాళ్లకి బుద్ధి లేదే!”

పేచీకి ప్రదర్శన మీద ఆశ లేకపోలేదు. బడి తరఫున వెళ్లడం ఆమెకు ఇదే మొదటిసారి. అయినా ఆ చీటీ రాసింది తన చేతే. దాన్ని పీకి ఇంకో కుండీకి గుచ్చాలంటే ఆ చెయ్యి రావడం లేదు.

“ఎత్తొక్కటే చూస్తే మీకు నమ్మకం కుదరదు మేడం. మొక్కలు పీకి, ఆరబెట్టి, తూస్తాను. నీళ్లన్నీ పోయాక మిగిలేదే మొక్క కట్టుకున్న ఒళ్లు. అది ఎక్కడ ఎక్కువుంటే అక్కడ ఎదిగినట్టు.”

“పీకుతావా? శుక్రవారం ప్రదర్శనలో బల్ల మీద ఏం పెడతావు, ఎండు పుల్లలా?”

“అవే పెడతాను.”

“మొక్క మీద చెయ్యి పడిందంటే నీ పేరు కొట్టేస్తాను. మీ వదినది కూడా.”

పేచీ వదిన వైపు చూసింది. వదిన తన బూట్లవైపు చూసుకుంది, తలెత్తి, “నన్నెందుకే చూస్తావు? నువ్వు ఆగే రకమా?” అంది.

పేచీ మొదటి మొక్క మొదలు పట్టుకుంది.

“అలా లాగకమ్మా!” మాస్టారి గొంతు. పెద్దమేడం ముఖంలో తృప్తి మెరిసింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని మాట పూర్తి చేశాడు: “లాగితే సన్నవేళ్లు మట్టిలోనే తెగిపోతాయి, బరువు తప్పొస్తుంది. కుండీతో సహా నీళ్లలో నానబెట్టు. మట్టి వదిలాక కడిగి తీద్దాం.”

“మాస్టారూ!”

“ఊహ నాది మేడం. తప్పిందో లేదో చూడాల్సిన బాధ్యతా నాదే.”

పెద్దమేడం అక్కడే, ఆ ముగ్గురి ఎదుటే, ప్రదర్శన జాబితాలో వాళ్ల పేర్లున్న వరుసను కలంతో అడ్డంగా కొట్టివేసి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమంతా తొట్టెలో బురద. వేళ్లను కడిగి, గుడ్డతో తడి అద్ది, ఒక్కో మొక్కను ఒక్కో కాగితం కవరులో పెట్టి, పైన వరుస పేరు రాశారు. కవర్లు ప్రయోగశాల ఓవెన్‌లో చేరాయి. మాడిపోకుండా వేడిని తగ్గించి ఉంచాడు మాస్టారు. మర్నాడు తూచారు, మళ్లీ ఓవెన్‌లో పెట్టారు. బరువు ఇంకా తగ్గుతోందంటే ఇంకా తడి ఉందన్నమాట. ఇక తగ్గడం మానేసేసరికి శుక్రవారం వచ్చింది. ఆ ఉదయమే బడి వ్యాను ఇంకెవరివో చెక్క నమూనాలు ఎక్కించుకుని ప్రదర్శనకు బయలుదేరింది. ముగ్గురూ కిటికీలోంచి చూశారు. ఎవరూ చెయ్యి ఊపలేదు.

తర్వాత త్రాసు దగ్గర చేరారు. ఎండలో పెరిగిన మొక్క సగటున ఆరు గ్రాములకు కాస్త పైన తూగింది. నెట్ కింద పెరిగినది నాలుగుకు లోపే ఆగిపోయింది.

“బెత్తెడు పొడుగు, మూడోవంతు తక్కువ బరువు,” అంది వదిన. “మీ బాబాయిలాగా.”

పేచీ పకపకా నవ్వింది. ఆ నవ్వు వరండాలో వెళుతున్న పెద్దమేడాన్ని గుమ్మంలోకి లాగింది. ఆమె అంకెలు చూసింది, సగటు తానే మళ్లీ కట్టింది, తప్పు దొరకలేదు.

“సరే, లెక్క సరిగానే ఉంది. అప్పుడు బోర్డు సగం నిజమేగా? ఎండలో ఎక్కువ ఎదిగిందని రాసివ్వు, వచ్చే ఏడాది ఈ ప్రాజెక్టునే పంపుతాను. ఎత్తు సంగతి ఎత్తకు.”

“ఎత్తూ రాస్తాను మేడం, బరువూ రాస్తాను. ఇంకోటి కూడా రాస్తాను. నెట్ కింద మట్టి త్వరగా ఆరదు. నీళ్లు సమానంగా పోసినా తడి సమానంగా లేదు. తేడా అంతా వెలుతురుదేనని నేను చెప్పలేను.”

“నీ ప్రాజెక్టును నువ్వే చెడగొట్టుకుంటావా?”

“చెడగొట్టడం కాదు మేడం. ఉన్నది రాయడం.”

పెద్దమేడం వెనుదిరిగి వెళ్లిపోయింది. వచ్చే ఏడాది మాట కూడా ఆమె వెంటే వెళ్లిపోయిందని పేచీకి తెలుసు. తెల్లకాగితం తీసి ఎత్తు, బరువు, మట్టి తడి గురించిన అనుమానం రాసింది. చివర ఒక వాక్యం చేర్చింది: ‘చీటీలు తారుమారు కాలేదు.’

కింద సంతకం చేసింది. వదిన కలం లాక్కుని, “పక్కన నాకు చోటు వదలవే, అంతా నువ్వే పరుచుకున్నావు,” అంటూ తన సంతకం ఇరికించింది. మాస్టారు తన ఊహ తప్పిందని ఒక వరుసలో రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఎండిన మొక్కల కవర్ల మధ్య ఉంచి, సొరుగు మూశాడు.