ఈసీలో లేని మూడో పేజీ

"ఈసీ కడిగిన ముత్యంలా ఉందే!" రిజిస్ట్రేషన్ ఆఫీసు పక్కన దస్తావేజులు రాసే గదిలో అన్నయ్య చెల్లెలి ముందు ఆ ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ ఊపాడు. "నువ్వు కొనే ఇంటికి ముప్పై ఏళ్లకు తీయించా. అప్పు లేదు, తాకట్టు లేదు. తాత మనవడికి గిఫ్ట్ రాశాడు. అదొక్కటే ఎంట్రీ."

"ఊ," అంది నర్సు. భర్త పోయిన నాలుగు నెలలుగా ఆమె నోట ఆ మాటే ఎక్కువ. ఆసుపత్రి డ్యూటీ అయ్యాక అత్తవారింటి హాల్లో మడతమంచం మీద పడుకుంటోంది. మూసుకోవడానికి తనదంటూ ఒక తలుపు కావాలనుకుంది. ఆ కోరిక కూడా ఇంకెవరిదో అన్నట్టుండేది.

ఇల్లు అమ్మే మనవడు, సాక్షి సంతకానికని తన మేనత్తను వెంటబెట్టుకొచ్చి బయట బెంచీ మీద కూర్చోబెట్టాడు. వెనక గదిలో అద్దెకుంటుందని ఇల్లు చూపించినప్పుడు అతను చెప్పింది ఆవిడ గురించే.

లేఖరి చెయ్యి చాపాడు. "గిఫ్ట్ దస్తావేజు ఒరిజినల్ ఏదీ?"

"జిరాక్స్ ఇచ్చాగా," అన్నాడు మనవడు.

"మొదటి పేజీ, చివరి పేజీ ఇచ్చావు నాయనా. మధ్యవి ఎలకలు తిన్నాయా?"

మనవడు నసుగుతూ బయటికి తీశాడు. మూడో పేజీ దగ్గర లేఖరి వేలు ఆగింది. పైకి చదివాడు.

"వెనక గదిని నా కూతురు జీవితకాలం అనుభవించాలి. ఆమెను ఖాళీ చేయించే హక్కు నా మనవడికి గానీ, అతని వద్ద కొన్నవారికి గానీ లేదు."

అన్నయ్య ఈసీని మళ్లీ తిరగేశాడు. "మరి ఈసీలో ఇది లేదేంటండీ?"

"ఈసీ పెళ్లయిందని చెబుతుంది బాబూ, కాపురం సంగతి చెప్పదు. ఎవరు ఎవరికి ఏ దస్తావేజు రిజిస్టర్ చేశారో చూపిస్తుంది. లోపలి షరతులు కావాలంటే దస్తావేజే చదవాలి."

"అత్త సాక్షి సంతకం పెడుతోందిగా!" అన్నాడు మనవడు.

"సాక్షి సంతకం పెడితే హక్కు వదులుకున్నట్టు కాదు. దానికి వేరే విడుదల పత్రం రాసి రిజిస్టర్ చేయాలి."

"అయితే అదీ రాసెయ్యండి. ఆవిడ ఇక్కడే ఉంది," అంటూ మనవడు బయటికి కేకేశాడు.

అన్నయ్యకు ప్రాణం లేచొచ్చింది. మేనత్త లోపలికి వస్తూనే పెన్ను పట్టుకుంది. "ఎక్కడ పెట్టాలిరా?"

నర్సు ఆవిణ్ణే చూస్తోంది. ఆపరేషన్‌కు ముందు సంతకాలు తీసుకోవడం తన రోజువారీ పని. ఇప్పుడూ ఆ గొంతుతోనే అడిగింది.

"ఇందులో ఏం రాస్తున్నారో మీకు చెప్పారా అమ్మా?"

"కొళాయి కనెక్షన్ కోసమన్నాడుగా మావాడు?"

మనవడు గోడవైపు తిరిగాడు.

"ఇల్లు అమ్మేస్తున్నారు. మీరు సంతకం పెడితే గది కూడా పోతుంది."

పెద్దావిడ పెన్నును మెల్లగా బల్ల మీద పెట్టింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మెట్లు దిగాక అన్నయ్య ఉండబట్టలేకపోయాడు. "నోరు మూసుకుంటే ఇల్లు నీదయ్యేది కదే!"

"ఊ," అంది నర్సు. తనకు బాధ వేస్తుందేమోనని చూసుకుంది. వేయలేదు. ఆటో ఆపి, అత్తవారింటి దారి చెప్పింది.