వినబడిందన్న టిక్కు

వనపర్తిలోని మా కాంప్లెక్స్‌లో నెలనెలా మంటలార్పే సిలిండర్ల ముల్లు పచ్చగీతలో ఉందో లేదో చూసి, మంటలపై నీళ్లు చిమ్మే హైడ్రెంట్ పంపు నడిపి, చివరికి అలారం మోగిస్తాను. మోగితే అందరూ కిందికి రావాలి. మొదటి ఏడేళ్లూ ఒక్కడూ రాలేదు, మహానుభావులు! గేటు దగ్గర ఒంటరిగా నిలబడి, రిజిస్టర్‌లో 'అన్ని అంతస్తుల్లో అందరికీ వినబడింది' అన్నచోట టిక్కు పెట్టేవాణ్ణి.

2008 జూన్‌లో ఒకరు దిగొచ్చారు. మూడో అంతస్తులో బట్టలు కుట్టే హుసేన్‌బీ.

"అమ్మా, నువ్వొక్కదానివన్న వచ్చినవ్!" అన్నాను.

ఆమె చెవి చూపించి తల అడ్డంగా ఊపింది. "నాకు జర గూడ వినబడదు బేటా. ఏడేండ్ల సంది కిటికీల నుంచి సూస్తున్న. నెలకోపారి గిట్ల ఒక్కనివే నిలబడ్తవ్. పాపమనిపించి వచ్చిన."

ఈసారి టిక్కు పెట్టలేదు. 'మూడో అంతస్తులో ఒకరికి వినబడదు. వెలిగి ఆరే లైటు పెట్టాలి' అని రాశాను. తర్వాత పాత పేజీలు తిప్పాను.

ఎనభై నాలుగు అబద్ధాలు. అన్నిటికిందా నా సంతకమే.