నాన్న స్టూలు

లాక్టోఫెర్రిన్, లైసిన్ అనే సప్లిమెంట్లు వాడితే జలుబు దరిచేరదని ఫోన్‌లో ఎవరో ఊదరగొట్టారట. రిటైరైన లెక్కల మాస్టారు ఆ రెండూ కావాలని మా మందుల షాపుకొచ్చారు.

"లైసిన్ పెదవి పొక్కులకే పనిచేస్తుందని గట్టిగా రుజువు కాలేదండీ, జలుబు మాట దేవుడెరుగు. లాక్టోఫెర్రిన్ చిన్న పరీక్షల్లో కాస్త ఆశ చూపింది. నెలలు నిండని పసివాళ్లమీద పెద్ద పరీక్ష చేస్తే ఇన్‌ఫెక్షన్లు తగ్గలేదు," అన్నాను విసుగ్గా.

మాస్టారు నవ్వారు. "మీ నాన్నా ఇంతేనమ్మా. టానిక్ అడిగితే ఇచ్చేవాడు కాదు."

"మరి మీరెందుకొచ్చేవారు?"

"స్టూలు మీద కూర్చోబెట్టి, ఒంట్లో ఎలా ఉందని అడిగేవాడు."

నాన్న పోయాక ఆ స్టూలు మీద లాక్టోఫెర్రిన్ డబ్బాలు పేర్చింది నేనే. వాటిని నేలమీదికి దించి, దుమ్ము తుడిచాను.

"కూర్చోండి మాస్టారూ. ఒంట్లో ఎలా ఉంది?"